నెలకో సాయంత్రం మనకోసం: రెండో శనివారం ప్లాన్

ఏమండీ,

మొన్న రాత్రి మీరు వచ్చేసరికి పది దాటింది. అన్నం తింటూ మనం మాట్లాడుకున్నది గ్యాస్ బుకింగ్, పాప యూనిఫాం, మీ బండి ఇన్సూరెన్స్. అంతే. అదే మాట పొద్దున మీతో అంటే "నువ్వే ఏదో ఒకటి ప్లాన్ చెయ్, నేను సరేనంటా" అన్నారు. చేశాను. జూలై నుంచి డిసెంబర్ దాకా రాసి ఫ్రిజ్ మీద పెడుతున్నా. తీరిగ్గా చదవండి.

రోజు: ప్రతి నెలా రెండో శనివారం. నాకు స్కూల్ ఉండదు. మీ ఆఫీసులో కలెక్షన్ల టెన్షన్ అంతా నెలాఖరులోనే కాబట్టి ఆ వారం మీకూ కాస్త ఊపిరాడుతుంది. జీతం పడి కొన్ని రోజులే అయి ఉంటుంది కాబట్టి చేతిలో డబ్బులూ ఉంటాయి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు చాలు. ఆ రోజు ఐదున్నరకల్లా ఇంటికొచ్చేలా మేనేజర్‌కు వారం ముందే చెప్పి పెట్టండి. ఆ రోజు పొద్దున చెబితే ఏదో ఒక పని తగిలిస్తారని మీకూ తెలుసు.

పిల్లలు: అసలు కష్టం ఇక్కడే, అందుకే దీని మీదే ఎక్కువ ఆలోచించాను. ప్రతిసారీ అమ్మ దగ్గరే వదిలితే ఆమెకు భారం. మోకాళ్ల నొప్పితో చిన్నోడి వెనక పరిగెత్తలేదు. అందుకని ఒక నెల అమ్మ, ఒక నెల పక్కింటి అక్క. అక్కతో మాట్లాడాను. మన పిల్లల్ని తను చూసుకున్న నెలలో నాలుగో శనివారం వాళ్ల ఇద్దరు మగపిల్లలు మన ఇంట్లో ఉంటారు, వాళ్లూ బయటికెళ్తారు. డబ్బుల ప్రస్తావన లేదు, మొహమాటమూ లేదు. ఆ నాలుగో శనివారం మీరు ఆలస్యంగా వచ్చినా పర్లేదు, నలుగురినీ నేను చూసుకుంటా.

అమ్మ వంతు వచ్చినప్పుడు ఆమెను ఇక్కడికే తీసుకొద్దాం. పిల్లల్ని బుధవారపేటకు తీసుకెళ్తే, తిరిగొచ్చేటప్పుడు నిద్రపోతున్న వాళ్లను బండి మీద తేవడం ప్రమాదం. అమ్మ ఆ రాత్రి మన దగ్గరే పడుకుంటుంది, పొద్దున ఉగ్గాని తిన్నాక మీరు దింపి రండి.

మనం బయల్దేరే ముందే పిల్లలకు అన్నం పెట్టేస్తా. చిన్నోడికి తెలియకుండా జారుకోవడం మాత్రం వద్దు. ఏడ్చినా సరే, "అమ్మా నాన్నా పోయి, నువ్వు నిద్రపోయేసరికి వచ్చేస్తారు" అని చెప్పే వెళ్దాం. చెప్పకుండా పోతే ఆ తర్వాత వారం రోజులు నన్ను వంటింట్లోకి కూడా పోనివ్వడు. నిద్రొచ్చినప్పుడు వాడు ఎవరిదైనా చెవి తమ్మె పట్టుకుంటాడు కదా, ఆ సంగతి అక్కకు చెప్పాను. నవ్వి, "నా కమ్మలు తీసి పెడతాలే" అంది.

డబ్బు: నెలకు ఐదు వందలు. జీతం పడిన రోజే నగదు తీసి పాత హార్లిక్స్ డబ్బాలో వేస్తా. మిగిలింది అందులోనే ఉంటుంది. కూరగాయలకని, చీటీకని అందులోంచి తీసేది లేదు, మీరూ నేనూ కూడా. ఫోన్‌పే వాడొద్దు, నోటు చేతిలో ఉంటేనే ఖర్చు తెలుస్తుంది.

ఎక్కడికి:

జూలై: తుంగభద్ర ఒడ్డున సంకల్‌బాగ్ ఘాట్. ఫ్లాస్కులో టీ, ఇంట్లో కలిపిన బొరుగులు. నీళ్లు జోరుగా ఉంటే మెట్లు దిగకుండా పైనే కూర్చుందాం. తిరిగొచ్చేటప్పుడు బండి దగ్గర వేడి మిరపకాయ బజ్జీలు. పెట్రోలుతో కలిపి 150.

ఆగస్టు: ఇంట్లోనే. పిల్లలు అక్క ఇంట్లో ఆడుకుంటుంటే మనిద్దరం కలిసి వంట చేద్దాం. జొన్నరొట్టెలు నేను తడతా, వంకాయ కూర మీరు. పెళ్లైన కొత్తలో చేసినట్టు పల్లీల పొడి దండిగా వేసి చేయాలి. 100.

సెప్టెంబర్: కొండారెడ్డి బురుజు దగ్గర బండి ఆపి పాతబస్తీలో నడక. వినాయక మండపాలు ఉండే రోజులైతే లైటింగ్ చూసుకుంటూ నడుద్దాం. నిమజ్జనం రోజు అయితే మాత్రం వినాయక ఘాట్ వైపు అస్సలు వద్దు, ఆ జనంలో మాట వినబడదు. 150.

అక్టోబర్: దసరాకు బట్టలు, ఊరికి ప్రయాణం, ఖర్చు ఎలాగూ ఉంటుంది. మేడ మీద చాప, రెండు దిండ్లు, ఐస్‌క్రీం. 100.

నవంబర్: ఓర్వకల్లు రాతివనాలు. ఎండ తగ్గి ఉంటుంది, రాళ్ల మధ్య నీళ్ల పక్కన నడవడానికి అదే సరైన కాలం. నంద్యాల రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. వెలుతురుండగానే చూడాలి కాబట్టి ఈ ఒక్క నెల మీరు మూడింటికే పర్మిషన్ పెట్టాలి. చీకటి పడకముందే హైవే ఎక్కేద్దాం. పెట్రోలు, టికెట్లు, టీతో కలిపి 400.

డిసెంబర్: అప్పటికి డబ్బాలో 1600 మిగిలి ఉంటాయి, ఆ నెల ఐదు వందలతో 2100. అందులో 800 పెట్టి సినిమాకెళ్లి, హోటల్లో కూర్చుని వేడివేడి బిర్యానీ తిందాం. పార్సిల్ వద్దు. మిగిలిన 1300 కొత్త సంవత్సరానికి.

ఇంకో మాట. బయల్దేరాక మొదటి పదిహేను నిమిషాలు ఇంటి లెక్కలు, ఈఎంఐలు, మీ అన్నగారి పొలం గొడవ, ఏదైనా మాట్లాడుకోవచ్చు. అవి లోపల పెట్టుకుని కూర్చుంటే ఎలాగూ మనసు అక్కడే ఉంటుంది. తర్వాత ఆ ఊసు వద్దు. మీ ఫోను నా బ్యాగులో ఉంటుంది, రింగు పెంచి ఉంచుతా. అమ్మ, అక్క చేస్తే ఎత్తుదాం, ఆఫీసు ఫోన్లు తొమ్మిదిన్నర తర్వాత.

మాట్లాడటానికి ఏముంటుందని మీరు అనొచ్చు. నాకు చాలా ఉంది. బీఈడీ చేయాలా వద్దా అన్నది మీతో కూర్చుని మాట్లాడాలని ఎన్నాళ్లుగానో ఉంది. మీరు కూడా ఈ మధ్య రాత్రిళ్లు నిద్రపట్టక హాల్లో తిరుగుతున్నారు. అడిగితే ఏం లేదంటారు. నది దగ్గరైనా చెబుతారేమోనని ఆశ.

పిల్లలకు జ్వరం వచ్చినా, మీకు పని పడినా ఆ నెల పోయినట్టు కాదు. వచ్చే మంగళవారం రాత్రి, పిల్లలు పడుకున్నాక, మేడ మీద గంటసేపు. దాన్ని మాత్రం వాయిదా వేయొద్దు. మీకు మరీ అలసటగా ఉంటే మాట్లాడకపోయినా పర్లేదు, పక్కన కూర్చోండి చాలు.

చిన్నోడు పుట్టాక మనిద్దరమే కలిసి ఎక్కడికైనా వెళ్లింది ఆసుపత్రికో, ఎవరినైనా పలకరించడానికో. మీరు మంచివారు, కష్టపడతారు, నాకు వేరే ఏ కొరతా లేదు. మీతో గడిపే టైమే కావాలి.

జూలై వంతు అమ్మది. నేను చెబితే "సరేలే, చూద్దాం" అంటుంది. అల్లుడు అడిగితే కాదనదు. కాబట్టి ఈ ఆదివారం లోపు ఫోన్ చేసి మీరే అడగండి. ఏ నెలైనా మార్చాలనుకుంటే పక్కన పెన్సిల్‌తో రాయండి.