రా తమ్ముడూ, ముందు కూర్చో

రా తమ్ముడూ, లోపలికి రా. చెప్పులు అక్కడే ఉండనీ, పరవాలేదు. ముందు ఈ మజ్జిగ తాగు, తర్వాత మాట్లాడుకుందాం. ఏ ఊరు మనది? కాశీనగరా! వంశధార ఒడ్డువాడివన్నమాట. మాది బరంపురం. పర్లాకిమిడిలో మా మేనత్త ఉండేది, చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం అక్కడే గడిచేది. నీ మాట వింటుంటేనే ఇంటికెళ్ళినట్టుంది. ఇక్కడ తెలుగే మాట్లాడు, ఒడియా అయినా సరే, నోటికి ఏది వస్తే అది.

దుబాయ్‌లో మనమున్న ఈ పేట పేరు కూడా సోనాపూరే. మన బరంపురం దగ్గర సముద్రం ఒడ్డునా ఒక సోనాపూర్ ఉంది కదా, నేను వచ్చిన కొత్తలో ఆ పేరు విని ప్రాణం లేచి వచ్చింది. ఇక్కడ సముద్రం లేదు, కూలీల క్యాంపులే. కానీ ఆదివారం సాయంత్రం ఈ గదిలో మనవాళ్ళు నలుగురం ఉంటాం. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఎవరైనా మా పేరు చెప్పి డబ్బు అడిగితే, అతను మనవాడు కాదని తెలుసుకో.

వచ్చి ఎన్ని రోజులైంది? నాలుగా. సరే. పాస్‌పోర్టు ఎక్కడుంది?

అదే అనుకున్నాను. క్యాంపు బాస్ "భద్రంగా ఉంటుంది" అని తీసుకున్నాడా? చూడు, కంగారు పడకు. వీసా పని కోసం ఒకసారి తీసుకుంటే తప్పులేదు. పని అయ్యాక మాత్రం అది నీ చేతికి రావాలి. 2021 నాటి ఇక్కడి కార్మిక చట్టం, 33వ నంబరు, 13వ అధికరణలో ఆ మాట ఉంది: కార్మికుడి కాగితాలు యజమాని తన దగ్గర అట్టే పెట్టుకోకూడదు. గొడవ పడి అడగొద్దు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు: "సార్, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ పని అయ్యాక నా పాస్‌పోర్టు ఇప్పించండి" అని. నోటిమాటకు రుజువుండదు, మెసేజ్‌కి తేదీ ఉంటుంది. రేపు కాదు, ఇక్కడి నుంచి వెళ్ళేలోగానే నేను టైపు చేసి ఇస్తాను, నువ్వు పంపు.

పాస్‌పోర్టు ఫోటోలు ఫోనులో ఉన్నాయా? మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, ఆఫర్ లెటర్, అన్నీ తీసి మీ అన్నయ్యకు కూడా పంపెయ్. ఫోను పోయినా ఇంటి దగ్గర ఒక నకలు ఉంటుంది. నా సంగతి చెబుతాను విను. నేను 2007లో వచ్చినప్పుడు ఏజెంటు విజిట్ వీసా మీద పంపాడు. వచ్చాక అన్నీ సరిచేస్తామన్నారు. నాలుగు నెలలు పనిచేశాను, ఒక్క నెల జీతమూ రాలేదు. ఫిర్యాదు చేద్దామంటే నా చేతిలో కాగితం ముక్క లేదు. కంపెనీ పేరు తప్ప ఏమీ చెప్పలేకపోయాను. ఆ నాలుగు నెలలు అమ్మకి "డబ్బు వచ్చే నెల పంపుతాను" అని అబద్ధం చెప్పాను. ఆ బాధ నీకు వద్దు. అందుకే వచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి ముందు కాగితాలే అడుగుతాను.

ఏదీ, ఆఫర్ లెటర్ చూపించు. నీ వీసా ఉద్యోగం వీసాయే, మంచిది. ఇక్కడ చూడు, వేలు పెట్టి చూపిస్తాను. మొత్తం 1200 దిర్హాములు. దాని పైన రెండు వరుసలున్నాయి: బేసిక్ 800, అలవెన్సులు 400. ఏజెంటు నీకు 1200 అనే చెప్పాడు, అబద్ధం కాదు. కానీ ఓవర్‌టైమ్, చివర్లో వచ్చే గ్రాట్యుటీ, రెండూ బేసిక్ మీదే కడతారు. 800ను 30తో, మళ్ళీ 8తో భాగించు. గంటకు మూడు దిర్హాముల ముప్పైమూడు ఫిల్సులు. ఓవర్‌టైమ్ అయితే దాని మీద పాతిక శాతం ఎక్కువ, నాలుగుకి కాస్త పైన. రాత్రి పదికీ తెల్లవారుజామున నాలుగుకీ మధ్య చేస్తే సగం ఎక్కువ. ఊళ్ళో "ఓవర్‌టైమ్‌తో రెండు వేలు దాటుతుంది" అని లెక్కలేసి అప్పు తెచ్చుంటారు. ఆ లెక్క ఇవాళే సరిచేసుకో.

కాంట్రాక్టు మీద సంతకం ఇంకా పెట్టలేదుగా? ఆఫర్ లెటర్‌లో ఉన్న అంకెలే కాంట్రాక్టులోనూ ఉండాలి. హిందీలో కూడా ఉన్న కాపీ ఇమ్మని అడుగు. చదివి, ఫోటో తీసుకుని అప్పుడు సంతకం పెట్టు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా పెట్టకు.

అప్పు ఎంత? లక్షా పదివేలా... నూటికి మూడు వడ్డీనా. (ఆ అంకె విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.) మన దేశంలో లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, ఆపైన జీఎస్టీ. అంతే. రసీదు లేకపోయినా ఫోన్‌పేలో పంపినవి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు చెరిపెయ్యకు. వచ్చే ఆదివారం తీసుకురా, మన ప్రభుత్వ సైటు ఈ-మైగ్రేట్‌లో ఫిర్యాదు ఎలా పెట్టాలో కలిసి చూద్దాం. ప్రవాసీ భారతీయ బీమా చేయించారా? చేయిస్తే ఆ పాలసీ కాగితం కూడా. 10 లక్షల బీమా అది, ఇంట్లోవాళ్ళకు దాని సంగతి తెలిసుండాలి.

జీతం బ్యాంకు ద్వారానే వస్తుంది, కార్డు ఇస్తారు. కార్డు, పిన్ను నీ దగ్గరే. గడువు దాటి పదిహేను రోజులైనా పడకపోతే ఇక్కడికి రా, లేదా కార్మిక శాఖకు 600590000కి ఫోన్ చెయ్యి. మన కాన్సులేటు సహాయ కేంద్రం 800 46342, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు, డబ్బు పడదు, హిందీలో మాట్లాడొచ్చు. ఈ కాగితం మీద రెండూ రాశాను. ఎంత కష్టం వచ్చినా చెప్పకుండా క్యాంపు వదిలి పారిపోకు. పారిపోతే కంపెనీవాళ్ళు నీ మీదే కేసు పెడతారు, న్యాయం నీవైపున్నా నువ్వే తప్పించుకు తిరగాలి. ముందు ఫిర్యాదు, తర్వాతే ఏదైనా.

ఎండ సంగతి. పొలంలో పనిచేసినవాడివే, కానీ ఈ ఎండ వేరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని నియమం. దాహం వేసేదాకా ఆగకు. తల తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలినా ఫోర్‌మన్‌కి వెంటనే చెప్పు. "ఏమనుకుంటారో" అనుకోకు. అంబులెన్సు 998, పోలీసు 999.

రోడ్డు గీతలున్న చోటే దాటు, లేకపోతే 400 దిర్హాముల జరిమానా. నీ ఐడీతో ఎవరికీ సిమ్ము తీసివ్వకు. ఓటీపీ అడిగిన వాడెవడైనా దొంగే. ఊరికెళ్ళేటప్పుడు ఎవరి పొట్లమూ మోయకు. అమ్మ కట్టిచ్చిన మాత్రలున్నాయా? రేపు చీటీతో సహా చూపించు, కొన్ని నొప్పి మాత్రలు ఇక్కడ డాక్టరు చీటీ లేకుండా ఉంచుకుంటేనే నేరం.

వాట్సాప్‌లో కాల్ కలవడం లేదని నిన్నటి నుంచి దిగులుగా ఉన్నావా? ఇక్కడ మెసేజ్‌లు పోతాయి, కాల్ పోదు. బోటిమ్ అని ఉంది, ఈ వైఫై మీద వేసుకో. మీ అన్నయ్యనూ వేసుకోమను.

ఇక్కడ ఏడైంది, అక్కడ ఎనిమిదిన్నర. అమ్మ ఇంకా పడుకుని ఉండదు. అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చుని మాట్లాడుకో. మేము బయట ఉంటాం.