మునిగింది నువ్వు కాదే

సుధా,

ఫోన్ పెట్టేశావు గానీ నీ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. "ఇవాళ పూర్తిగా మునిగిపోయానే" అన్నావు, వెంటనే ఎవరో పిలిచారని కట్ చేశావు. అందుకే ఇలా రాస్తున్నాను. ఇప్పుడే చదవక్కర్లేదు. టీకి లేచినప్పుడు చదువుకో. జవాబు ఇవ్వాలని కూడా ఏం లేదు.

నువ్వు ఏడుపు మధ్యలో గబగబా చెప్పినవన్నీ ఒక వరసలో పెట్టుకుని చూశాను. పొద్దున్నే వాన. స్కూటీ స్టార్ట్ కాలేదు. మధురవాడలో బస్సెక్కితే హనుమంతవాక దాకా ఒంటికాలి మీదే నిలబడాల్సి వచ్చింది. దిగేటప్పుడు గొడుగు బస్సులోనే వదిలేశావు. మీటింగులో జూలై లెక్కల చోట జూన్ లెక్కలు తెర మీదకొచ్చాయి, పదకొండు మంది ముందు మాట పడ్డావు. అప్పటికీ రోజుకి తృప్తి తీరక, మధ్యాహ్నం సాంబారు డబ్బా మూత ఊడి హ్యాండ్‌బ్యాగులో ఒలికిపోయింది. ఐడీ కార్డు సాంబారులో తేలుతోందనీ, పక్క అరలో లిప్‌స్టిక్ పక్కనే మునక్కాడ ముక్క ఒకటి పడుకుని ఉందనీ చెప్పావు చూడు, అక్కడ నాకు నవ్వు ఆగలేదు. నువ్వు ఏడుస్తున్నావు కదా అని నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్తున్నా. మునిగింది నువ్వు కాదే, మునక్కాడ! నువ్వు ఒడ్డునే ఉన్నావు. ఆ ముక్కని తీసి బయట పడేసింది కూడా నువ్వే.

గొడుగు గురించి బెంగ పెట్టుకోకు. నువ్వెక్కింది తగరపువలస నుంచి వచ్చే బస్సే కదా. ఈపాటికి అది ఆర్టీసీ కాంప్లెక్స్ చూసుకుని, వెనక్కి తిరిగి తగరపువలస కూడా చేరిపోయి ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే భీమిలి. మనం సంక్రాంతి నుంచి భీమిలి వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఉన్నాం, అది టిక్కెట్టు కూడా కొనకుండా బయల్దేరిపోయింది.

మునగడం అనగానే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. మొన్న ఎండాకాలంలో మీ అక్క కొడుకుని తీసుకుని బీచ్‌లో ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ చూడ్డానికి వెళ్ళాం కదా. లోపల ఆ గుండ్రటి ద్వారాల్లోంచి దూరేటప్పుడు వాడు నిలబడే వెళ్ళిపోయాడు, మనం ప్రతి చోటా వంగి నమస్కారం పెట్టుకుంటూ వెళ్ళాం. నేవీలో పనిచేసి రిటైరైన ఆ పెద్దాయన అన్నీ ఓపిగ్గా చూపిస్తున్నాడు. ఇది పడకంట, ఇది వంటగదంట, ఇక్కడి నుంచి టార్పెడో వదిలేవారంట. మీవాడు అన్నీ విని, చివర్లో చాలా దిగులుగా అడిగాడు. "తాతా, ఇది ఎప్పుడైనా మునిగిపోయిందా?"

ఆయన మొహం గుర్తుందా నీకు? చిరాకు పడలేదు, ఎగతాళి చెయ్యలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాడి ఎత్తుకి వంగి, "మునగడమే దాని ఉద్యోగం బాబూ. 1969లో చేరింది, 2001లో రిటైరైంది. 31 ఏళ్ళ పాటు మునిగి తేలుతూనే ఉంది," అన్నాడు.

మీవాడికి సగం భయం, సగం ఆశ్చర్యం. "మరి పైకెలా వచ్చేది?" అన్నాడు. ట్యాంకుల్లోకి సముద్రం నీళ్ళు వదిలితే బరువెక్కి కిందికి దిగుతుందనీ, పైకి రావాలంటే గట్టిగా గాలి కొట్టి ఆ నీళ్ళని బయటికి తోసేస్తారనీ ఆయన చేతులతో చూపిస్తూ చెప్పాడు. మీవాడు ఒక్క నిమిషం ఆలోచించి, "అంతేనా! గాలి కొడితే చాలా! మా సైకిల్‌లాగే!" అన్నాడు.

నువ్వు ఆ ఇనప గోడని పట్టుకుని నవ్వావు చూడు. పడీ పడీ నవ్వావు. వెనక లైనంతా ఆగిపోయింది. ఎందుకో తెలియకుండానే వాళ్ళూ నవ్వడం మొదలుపెట్టారు. పెద్దాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఇవాళ నీ ఏడుపు విన్నాక ఆ నవ్వే కావాలనిపించింది.

ఇక ఆ మీటింగు. జూన్ లెక్కలు జూలైవి అయిపోవడం చిన్న విషయమని నేననను, నీ పని అంటే నీకెంత పట్టింపో నాకు తెలుసు. కానీ ఒకటి గమనించాను. ఎవరూ పట్టుకోకముందే ఆపి, "ఇవి కిందటి నెలవి, సరైనవి పది నిమిషాల్లో ఇస్తాను" అని చెప్పింది నువ్వే. ఇచ్చావు కూడా. ఆ పదకొండు మందిలో ఒకాయన మీటింగంతా తన బండి సీటు తడిసిపోతోందని కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడన్నావు కదా. రేపు ఆయనకి గుర్తుండేది ఆ సీటే.

ఒక్క మాట మాత్రం నవ్వుకి కాదు, నిజంగా చెప్తున్నాను. తప్పు జరిగిన రోజున కూడా తప్పు నాదేనని నిలబడి చెప్పే మనిషివి కాబట్టే, నా జీవితంలో ఏ పెద్ద విషయమొచ్చినా నేను మొదట ఫోన్ చేసేది నీకే.

సరే, ఇప్పుడు బ్యాగు సంగతి. అందులోవన్నీ తీసేసి, మామూలు నీళ్ళతో ఒకసారి కడిగి ఉంచు చాలు. ఇంటికెళ్ళాక సబ్బు పెడితే ఆ పసుపు మరక ఎర్రగా తిరుగుతుంది. అది చూసి మళ్ళీ ఏడుపు మొదలుపెట్టకు, పసుపు మీద సబ్బు పడితే అంతే. రెండు రోజులు మంచి ఎండలో వేస్తే మరక దానంతటదే పోతుంది. ఈ వానల్లో ఎండెప్పుడొస్తుందని అడక్కు, వచ్చినప్పుడే వేద్దాం. అప్పటిదాకా నా నల్ల బ్యాగు వాడుకో, రాత్రి తెస్తాను. మీ ఆఫీసులో అందరికీ సాయంత్రం ఇంగువ వాసనకి ఆకలేస్తే అది నీ పుణ్యమే అనుకో.

ఆరూ ముప్పావుకి సిరిపురం జంక్షన్లో ఉంటాను, ఆ బేకరీ దగ్గర. బస్సు కోసం చూడకు, నా బండి మీదే వెళ్దాం. నేరుగా ఆర్కే బీచ్‌కి. కుర్సురా ఎదురుగా మురీ మిక్చర్ బండాయన ఉంటే రెండు పొట్లాలు. నీకు నిమ్మకాయ ఎక్కువ, ఉల్లిపాయ తక్కువ, చెప్పక్కర్లేదు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, లేకపోతే గోడ మీద కూర్చుని అలలు చూద్దాం. ఎంతసేపైనా సరే. ట్యాంకుల్లో నీళ్ళన్నీ బయటికి పోయేదాకా గాలి కొట్టించుకో. అక్కడ గాలికి కొదవేముంది, డబ్బులు కూడా అడగరు.

తర్వాత తెన్నేటి పార్కు మీదుగా, రుషికొండ దాటించి నిన్ను ఇంటి దగ్గర దింపుతాను. ఆంటీకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పేశాను. "రాత్రికి ఏం చెయ్యమంటావే దానికి?" అని అడిగారు. ఏదైనా సరే గానీ సాంబారు మాత్రం వద్దని చెప్పాను.

గొడుగు నేను తెస్తున్నాను. బస్సెక్కం కాబట్టి ఇదైనా మనతో పాటే తిరిగొస్తుంది.