విషయం: నాన్నగారి మరణం – ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్ష తేదీ మార్పు కోసం విన్నపం

కన్వీనర్ గారికి,

నమస్కారం. నా పేరు కె. సాయితేజ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు మే 21 ఉదయం సెషన్‌లో గుంటూరు సెంటర్‌లో పరీక్ష పడింది. మే 11న మా నాన్నగారు గుండెపోటుతో చనిపోయారు. సరిగ్గా 21నే పెద్దకర్మ. ఇంటికి నేనొక్కడినే కొడుకుని, తలకొరివి పెట్టింది కూడా నేనే. ఆ రోజు నేను లేకుండా కార్యక్రమం జరగదు.

పరీక్ష వదులుకోవాలని లేదు. రెండేళ్లుగా నా చదువు మీదే ఆయన ధ్యాసంతా. 22 తర్వాత మిగిలిన ఏ సెషన్‌లోనైనా, ఏ సెంటర్‌లోనైనా అవకాశం ఇవ్వండి, వచ్చి రాస్తాను.

హాల్‌టికెట్, ఆసుపత్రి ఇచ్చిన మరణ ధ్రువీకరణ, కర్మ తేదీ ఉన్న కార్డు, నాన్నగారిదీ నాదీ ఆధార్, నాన్నగారి పేరున్న నా టెన్త్ మెమో జతచేశాను. పంచాయతీ డెత్ సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు. దరఖాస్తు రసీదు పెట్టాను, రాగానే పంపుతాను. ఒరిజినల్స్ చూపించమంటే మా బాబాయి తీసుకొస్తారు.

20వ తేదీలోపు ఏ సంగతైనా తెలియజేస్తే మేలు. అప్లికేషన్‌లోని మొబైల్‌కి ఫోన్ చేసినా సరే, అమ్మ దగ్గర ఉంటుంది.

ఇట్లు,
కె. సాయితేజ