ఫోన్ అప్‌డేట్ అడిగితే భయపడొద్దు మా

అమ్మా, నిన్న మాట్లాడేటప్పుడు లైను సరిగా లేక అన్నీ చెప్పలేకపోయాను. అందుకే నిదానంగా రాస్తున్నా. అంతా ఒకేసారి చదవనక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, అద్దాలు పెట్టుకుని చదువు.

ముందు ఒక మాట. నీ ఫోన్ చెడిపోలేదు. నువ్వు నొక్కకూడనిది ఏదీ నొక్కలేదు. ఈ ఎండలో ఆటో ఎక్కి ఏడురోడ్ల దాకా పోయి రిపేరు అంగట్లో చూపించాల్సిన పని అసలే లేదు.

మన పాతింట్లో వెనక వాకిలి గడియ గుర్తుందా? తలుపు సందులో సన్నటి రేకు దూర్చి పైకెత్తితే బయటి నుంచే ఊడొచ్చేది. ఇల్లు కట్టిన ఎన్నో ఏళ్లకు నాయన అది కనిపెట్టి, ఆచారిని పిలిపించి కింద ఇంకో చిలుకు కొట్టించాడు. ఆ లోపం ఇల్లు కట్టిన రోజు నుంచే ఉంది, ఎవరి కంటా పడలేదంతే. ఫోన్ కూడా ఇట్లాంటిదే. లోపల లక్షల వరుసల్లో రాసిన ప్రోగ్రాం ఉంటుంది. అంత రాతలో ఎక్కడో ఒక సందు మిగిలిపోతుంది. తర్వాత ఎవరో దాన్ని కనిపెడతారు, కంపెనీ వాళ్లు సరిచేసి పంపుతారు. ఆ పంపిన దాన్ని వేసుకోమని అడగడమే అప్‌డేట్.

'పోయిన నెలే చేసినాము కదరా, మళ్లీ ఎందుకు అడుగుతుంది' అన్నావు. లోపాలు ఒకేసారి బయటపడవు మా. 2015 నుంచి గూగుల్ వాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లకు దాదాపు ప్రతి నెలా భద్రతకు సంబంధించిన సవరణలు విడుదల చేస్తున్నారు. వాటిని నీ ఫోన్ కంపెనీ వాళ్లు తమ మోడల్‌కు సరిపడేలా మార్చుకుని తర్వాత పంపుతారు. పక్కింటి అత్త ఫోన్‌కు రాకుండా నీ ఒక్కదానికే వచ్చిందంటే కారణం అదే. ఆమెది వేరే కంపెనీ. వాట్సాప్ లాంటి వాటికి మళ్లీ విడిగా వస్తాయి, అవి ప్లే స్టోర్‌లో ఉంటాయి.

నువ్వు ప్రతిసారీ 'తర్వాత' అని నొక్కేస్తున్నావు కదా. ఒకటి రెండు రోజులు ఆగితే ఏమీ కాదు. నెలల తరబడి ఆపితేనే ఇబ్బంది. ఫలానా చోట సందు ఉంది, మూసేశాం అని కంపెనీ ప్రకటించగానే ఆ సంగతి దొంగకు కూడా తెలిసిపోతుంది. ఇంకా మూయని ఫోన్లు ఎక్కడున్నాయా అని అప్పుడు వెతుకుతాడు. 2019 మే నెలలో వాట్సాప్‌లో ఇట్లాంటిదే ఒకటి బయటపడింది. కాల్ వస్తే చాలు, మనం ఎత్తకపోయినా సరే, ఫోన్‌లోకి నిఘా ప్రోగ్రాం దూరేది. వాట్సాప్ వాళ్లు వెంటనే సరిచేసి, అందరినీ అప్‌డేట్ చేసుకోమన్నారు. దాన్ని వాడింది ఎంచుకున్న కొందరి మీద, మనలాంటి వాళ్ల మీద కాదు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. అప్పుడు అప్‌డేట్ చేసుకున్న వాళ్లకు ఆ దారి మూసుకుపోయిందని చెప్తున్నా. నేను కువైట్ నుంచి పంపే డబ్బులు పడినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చేది ఈ ఫోన్‌కే. ఓటీపీ వచ్చేదీ దీనికే. నా మనసు కుదుటగా ఉండాలంటే అది గట్టిగా ఉండాలి.

నీ అసలు భయం నాకు తెలుసు. నాయన ఫోటోలు పోతాయేమో అని. పోవు మా. అప్‌డేట్ ఫోన్‌ను నడిపే ప్రోగ్రాంనే మారుస్తుంది. ఫోటోలు, నంబర్లు, మెసేజ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. 'ఎర్రగడ్డలు అయిపోయినాయా, తెచ్చేదా' అని నాయన మార్కెట్ నుంచి పంపిన వాయిస్ కూడా అట్లాగే ఉంటుంది. అయినా నీ తృప్తి కోసం చెప్తున్నా, నువ్వు నాకు పంపిన ఆ వాయిస్, ఫోటోలు అన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, విడిగా ఇంకోచోట ఒక కాపీ పెట్టుకున్నా.

డబ్బులేమీ తీసుకోరు. డేటా మాత్రం అవుతుంది, అప్పుడప్పుడు వచ్చే పెద్ద అప్‌డేట్‌కైతే బాగానే అవుతుంది. అందుకే మేడ మీద అద్దెకుండే పిల్లోడి వైఫై పెట్టించుకో, నేను వాడితో మాట్లాడాను.

ఇంకొకటి, దీన్ని మాత్రం రెండుసార్లు చదువు. నిజమైన అప్‌డేట్ ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, లేదంటే ప్లే స్టోర్‌లో ఉంటుంది. వాట్సాప్‌లో రాదు. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. పెండ్లి పత్రిక అనో, బండి చలానా అనో, బ్యాంకు అప్‌డేట్ అనో ఏదైనా ఫైల్ వచ్చి, దాని పేరు చివర `.apk` అని ఉంటే తాకొద్దు. పంపింది మన బంధువులే అయినా తాకొద్దు, వాళ్ల ఫోన్ దొంగల చేతిలో పడి ఉండొచ్చు. ఏదో చూస్తుండగా ఎర్రగా 'మీ ఫోన్‌లో వైరస్ ఉంది, ఇప్పుడే అప్‌డేట్ చేయండి' అని వస్తే అదీ మోసమే, మూసేయ్. అనుమానం వస్తే ఫోటో తీసి నాకు పంపు. నేను డ్యూటీలో ఉన్నా చూస్తాను. ఎప్పుడైనా పొరపాటున డబ్బులు పోయినట్టు కనిపిస్తే, నాకంటే ముందు సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చెయ్. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను తిడతానని దాచిపెట్టొద్దు, నిన్ను ఎందుకు తిడతాను మా.

'ఇది అడగడం మానేస్తే బాగుండు' అన్నావు చూడు, అది నాకు గుర్తుండిపోయింది. కంపెనీలు కొన్నేళ్లే పంపుతాయి, తర్వాత ఆపేస్తాయి. ఫోన్ అడగడం మానేసిన రోజే మనకు టెన్షన్. అప్పుడు నీకు కొత్తది తీసుకుందాం. ఇప్పటికి ఇది అడుగుతోందంటే ఇంకా పట్టించుకునే వాళ్లు ఉన్నారని.

శుక్రవారం నాకు సెలవు. నీకు పదకొండున్నర అయ్యేసరికి నాకు తొమ్మిది అవుతుంది, అప్పుడు ఫోన్ చేస్తాను. సెట్టింగ్స్ తెరిచేదాకా ఇద్దరం కలిసి చూద్దాం, అక్కడి నుంచి నువ్వే నొక్కు. తర్వాత తెర నల్లగా అయిపోతుంది, కంపెనీ పేరు వస్తుంది, కాసేపు ఏమీ కదలనట్టే ఉంటుంది. పక్క బటన్ నొక్కొద్దు, పూజ గదిలో నీ పని చూసుకో. కొంచెం వేడెక్కినా పర్వాలేదు. ఫోన్ మళ్లీ తెరుచుకున్నప్పుడు మొదటిసారి వేలిముద్ర తీసుకోదు. అది పాడైపోయిందనుకోవద్దు, ఎప్పుడూ గీసే ఆ గీతే గీయి. అది గీసేదాకా నా వాట్సాప్ కాల్ నీకు రాదు. అందుకే నువ్వు ఎత్తకపోయినా నేను కంగారు పడను, నీ నుంచి మిస్డ్ కాల్ వచ్చేదాకా చూస్తుంటాను.

చార్జింగ్ సగానికి పైన ఉండేలా చూసుకో, వైరు తీయకుండా అట్లాగే పెట్టి ఉంచు. మంచం పక్క ప్లగ్గులో వద్దు, అది వదులైపోయింది. టీవీ పక్కదాంట్లో పెట్టు.