ఆదివారం అట్లు

శనివారం సాయంత్రం నరసాపురం రేవులో పంటు ఎక్కేముందు సుజాత మళ్లీ చెప్పింది. "పిండి రాత్రికి బయటే ఉంచండి. పొద్దున్నే ఉప్పేసి కలుపుకోండి. అల్లప్పచ్చడి సీసాలో ఉంది."

సఖినేటిపల్లిలో వాళ్లమ్మగారికి కంటి ఆపరేషనైంది. వారం దాకా రాదు. ఆదివారమంటే పిల్లలకి అట్లే. అది ఆగకూడదని సత్యం గట్టిగా అనుకున్నాడు.

పొద్దున్నే గిన్నె మూత తీస్తే పిండి అంచుదాకా పొంగి ఉంది. ఒక పాలు మినప్పప్పుకి మూడు పాళ్లు బియ్యం, గుప్పెడు అటుకులు, కాసిని మెంతులు. సుజాత చేతి లెక్క ఎప్పుడూ తప్పదు. ఇక వెయ్యడమేగా అనుకుని పెద్ద పొయ్యి మీద ఇనప పెనం పెట్టి మంట పూర్తిగా తిప్పాడు. నూనె పోశాడు. పొగ లేచింది. వేడెక్కింది కదా అని గరిటెడు పిండి వేసి తిప్పబోయాడు.

పిండి పరుచుకోలేదు. పెనానికి తగలగానే అడుగు గట్టిపడిపోయి, గరిటెతోపాటే ఉండలుగా లేచి వచ్చేసింది. అట్లకాడతో తిరగేసేసరికి కింద నల్లగా మాడింది, మధ్యలో పచ్చిపిండి.

"అమ్మ ఇలా వెయ్యదు," అన్నాడు చిన్నోడు, పీట మీద కూర్చుని కంచం ఒళ్లో పెట్టుకుని.

"వస్తుంది నాన్నా, ఇంకోటి వేస్తా."

మంట ఎక్కువైందని అర్థమైంది. సిమ్‌లో పెట్టి, అది చాలదన్నట్టు పెనం మీద గ్లాసుడు నీళ్లు కుమ్మరించి తుడిచాడు. ఈసారి పిండి చక్కగా గుండ్రంగా తిరిగింది. సత్యం మొహం వెలిగింది. కానీ ఎంతసేపు చూసినా పైన చిల్లులు పడవు, రంగు రాదు. అంచు కింద అట్లకాడ పెడితే కదల్లేదు. బలంగా తోస్తే ముక్కలు ముక్కలుగా ఊడింది. ఆ తెల్లటి ముక్కలే చిన్నోడి కంచంలో పడ్డాయి. వాడు అల్లప్పచ్చడి అద్దుకుని మాట్లాడకుండా తినేశాడు. ఆకలి మీదున్నాడు పాపం.

బుజ్జమ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. పదేళ్ల పిల్ల, సెలవు రోజుల్లో వాళ్లమ్మ పక్కనే నిలబడుతుంది.

"నాన్నా, చెయ్యి తడి చేసుకుని చల్లు. అమ్మ ప్రతి అట్టుకీ చల్లుతుంది."

"ప్రతి అట్టుకీనా?"

"అవును. తర్వాత ఉల్లిపాయతో రుద్దుతుంది."

అంటుకున్నదంతా అట్లకాడతో గీకి, మంట పెంచి, కాసేపాగి సత్యం నీళ్లు చల్లాడు. చుక్కలు పూసల్లా గుండ్రంగా అయి పెనమంతా పరిగెత్తాయి. బుజ్జమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంకా కాక ఎక్కువుంది." మంట తగ్గించి మళ్లీ ఆగారు. ఈసారి చల్లగానే చుయ్యిమంది, ఆవిరి లేచింది, నీళ్లు కనపడలేదు.

సత్యం చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ చప్పుడు తనకి తెలుసు. రాత్రంతా రేవులో బోట్ల ఇంజన్లు విప్పి బిగించి, తెల్లారుజామున వచ్చి పడుకున్న ఆదివారాల్లో మగతలో వినిపించేది అదే. అది అట్టు కాలే చప్పుడనుకున్నాడు ఇన్నేళ్లూ. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి, సొంత వంటింట్లో పెనం చప్పుడేంటో కనుక్కోలేదు. అట్టు అట్టుకీ సుజాత పెనాన్ని చల్లార్చి దారికి తెచ్చుకోవడం అది. ఇనుము మరి, ఒకసారి కాక పట్టిందంటే మంట తగ్గించినా ఓపట్టాన దిగదు.

అర చెక్క ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దాడు. మంట చిన్నది చేసి, నడుమ పిండి వేసి, గరిటె అడుగుతో నొక్కకుండా బయటికి తిప్పుకుంటూ వచ్చాడు. పలచగా పరుచుకుంది. అప్పుడు మంట పెంచాడు. చిల్లులు లేచాయి. చుట్టూ నూనె చుక్కలు వెయ్యగా వెయ్యగా అంచులు ఎర్రబడి వాటంతటవే పైకి లేచాయి. అట్లకాడ పెట్టగానే అట్టు మొత్తం కదిలింది.

"వచ్చేసింది! వచ్చేసింది!" చిన్నోడు కంచం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ముందు అక్కకి," అన్నాడు సత్యం.

"వాడికే వెయ్యి నాన్నా, నాకు తర్వాతది."

తర్వాతదానికి తొందరలో నీళ్లు చల్లడం మర్చిపోయాడు. పిండి మళ్లీ గరిటెకి చుట్టుకుంది. అది తన కంచంలో వేసుకుని, మంట తగ్గించి, చల్లి, రుద్ది, బుజ్జమ్మకి ఎర్రటి అట్టు వేశాడు. తర్వాత చేతికి వరస అందింది. గిన్నె అడుగు గీకేసరికి తొమ్మిదైంది.

సుజాత ఫోన్ చేసింది. "పిల్లలు తిన్నారాండీ?"

"తిన్నారు. మొదటివి పాడయ్యాయి గానీ, తర్వాత బాగానే వచ్చాయి. పెనం నువ్వెలా చూసుకుంటావో ఇవాళ తెలిసింది సుజాతా. వచ్చే ఆదివారం నువ్వు కూర్చో, నేను వేస్తా."

అటునుంచి కాసేపు మాట లేదు. "సరేనండి," అంది.

ఫోన్ పెట్టేసి పెనం తీసుకెళ్లి కుళాయి కింద పెట్టి, సబ్బు అందుకున్నాడు.

"నాన్నా, సబ్బొద్దు!" బుజ్జమ్మ పరిగెత్తుకొచ్చింది. "జిడ్డు పోతే రేపు మళ్లీ అంటుకుంటుంది. అది ఇలా ఇచ్చెయ్యి."