సంక్రాంతి పోస్టుల క్యాప్షన్లు: రాసేవారికి నోట్

నమస్తే అండీ. మన పూతరేకుల షాపు పేజీకి పన్నెండు ఫొటోలు పంపాను. ఒక్కోదానికి రెండు లైన్లు చాలు. ఫోన్లో పైకి కనిపించేది మొదటి లైనే కాబట్టి అసలు మాట అందులోనే పడాలి. మొత్తం డిసెంబరు 20లోగా కావాలి.

మన పేజీ చూసేవాళ్ళు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే గోదావరి జిల్లాల పిల్లలు. తర్వాత, కూతురి సారెకి ఆర్డరు ఇచ్చే తల్లులు. వీళ్ళకి పూతరేకు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. కానీ కుండ మీద రేకు ఎలా తీస్తారో దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ. అందుకే నాలుగో ఫొటో నుంచి ఏడో ఫొటో దాకా పని గురించే రాయండి: బియ్యం నానబెట్టి పల్చగా రుబ్బిన పిండి, కింద కొబ్బరాకు మంట, బోర్లించిన కుండ, పిండిలో ముంచిన గుడ్డని దాని మీద ఒక్కసారి లాగడం, లేచొచ్చే రేకు. ఆ రేకులో పాలు ఉండవు. పోయినసారి ఎవరో 'పాలపొర' అని రాస్తే కామెంట్లలో మా ఊరివాళ్ళే ఆడుకున్నారు.

టోన్ మన ఇంటికొచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు ఉండాలి. 'అండీ' సరిపోతుంది. ప్రతి లైను చివరా 'ఆయ్' తగిలించొద్దు, సినిమా కామెడీ అయిపోతుంది.

ప్రతి క్యాప్షన్లో 'ఆత్రేయపురం పూతరేకులు' అని పూర్తిగా రావాలి. రకాలు చెప్పేటప్పుడు డబ్బా మీద ఉన్నట్టే 'బెల్లం', 'పంచదార', 'డ్రైఫ్రూట్' అనండి. నెయ్యి ఫొటోల్లో 'నెయ్యి' అని చాలు, 'స్వచ్ఛమైన', 'దేశవాళీ' లాంటివి వద్దు.

ఇక అస్సలు రాయకూడనివి. బెల్లంవి 'షుగర్ ఫ్రీ' అనొద్దు, 'షుగర్ ఉన్నవాళ్ళు కూడా తినొచ్చు' అని అసలే వద్దు. బెల్లమూ తీపే, ఎవరైనా నమ్మి తింటే ఆ పాపం మనది. 2023లో వచ్చిన జీఐ గుర్తింపు ఆత్రేయపురం పూతరేకులకి, మన షాపుకి కాదు. 'మాకు వచ్చింది' అన్నట్టు ధ్వనించినా తీసేస్తాను. 'పేపర్ స్వీట్', 'వందల ఏళ్ళ రహస్యం', 'ఒరిజినల్ మేమే' వద్దు. పక్క షాపులన్నీ మనవాళ్ళవే. ఎన్ని రోజులు నిల్వ ఉంటాయో క్యాప్షన్లో రాయొద్దు, అది డబ్బా మీద ఉంటుంది. తేమ తగిలితే రేకు మెత్తబడుతుంది, కాబట్టి మూత గట్టిగా పెట్టమని మాత్రం ఒకచోట చెప్పండి.

రేకులు తీసే ఆడవాళ్ళ ఫొటోలకి జాలి మాటలు వద్దు. వాళ్ళది చేయి తిరిగిన పని, అలాగే కనపడాలి. పేర్లు వేయొద్దన్నారు, వేయకండి.

ముందు మూడు క్యాప్షన్లు రాసి వాట్సాప్‌లో పెట్టండి. మా అత్తయ్యగారు చదివి సరే అన్నాక మిగతావి మొదలెడుదురు గాని.