మీ ఫోనులోని షుగరు యాప్ గోప్యతా విధానం, నాలుగో భాగం: మీ కోసం తెలుగులో

మాస్టారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీరు ఫోను నా చేతికిచ్చి, "ఇందులో సరే అని నొక్కితే నా షుగరు సంగతి ఎవరెవరికి వెళుతుందో చెప్పు, నొక్కకపోతే డాక్టరుగారికి రీడింగులు ఎలా చేరతాయో అదీ చెప్పు" అని అడిగారు. అప్పుడు నోటితో చెప్పిన నాలుగు మాటలు నాకే తృప్తినివ్వలేదు. అందుకని సమాచారం సేకరణకూ పంపకానికీ సంబంధించిన నాలుగో భాగాన్ని వాక్యం కూడా వదలకుండా తెలుగు చేసి, పెద్ద అక్షరాలతో అచ్చు తీసి పంపుతున్నాను. లెక్కలో ఒక మెట్టు దాటేస్తే మీరు ఒప్పుకునేవారు కారు కదా, ఇక్కడా దాటలేదు. కొటేషన్ల మధ్య ఉన్నది కంపెనీవారి మాట, మిగిలినది నా మాట.

4.1 "మీరు ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చే పేరు, పుట్టిన తేదీ, మొబైలు నంబరు, పిన్‌కోడు, ఆ తరువాత మీరు నమోదు చేసే రక్తంలోని చక్కెర, రక్తపోటు, బరువు, మందులు, భోజన వేళలు మొదలైన వాటిని, వీటికే పరిమితం కాకుండా మీ ఆరోగ్యానికి సంబంధించిన సమాచారాన్ని, మేము సేకరిస్తాము."

"వీటికే పరిమితం కాకుండా" అన్నచోట ఆగండి. రేపు ఇంకేదైనా అడగడానికి వారు తెరిచి ఉంచుకున్న తలుపు అది. తెలుగులో మృదువుగా రాసి దాన్ని కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేకపోయింది. అయితే ఈ వాక్యం చెబుతున్నది మీరు చేతితో రాసి ఇచ్చే వివరాల గురించే. మీరు నమోదు చేయని సంగతి ఈ దారిలో వారికి చేరదు.

4.2 "మీ ఫోను మోడలు, ఐపీ అడ్రసు, యాప్‌లో మీరు ఏ పేజీని ఎంతసేపు చూశారన్న వివరాలు వాటంతట అవే నమోదవుతాయి. మీరు అనుమతి ఇచ్చినట్లయితే మీ కెమెరాను, మీరున్న చోటును, మీ ఫోనులోని కాంటాక్టులను ఉపయోగిస్తాము."

మొదటి వాక్యంలోనివి మీరు ఆపగలిగినవి కావు. రెండో వాక్యం పూర్తిగా మీ చేతిలో ఉంది. గ్లూకోమీటరు తెరను ఫొటో తీస్తే అంకె తానే ఎక్కుతుందని కెమెరా అడుగుతున్నారు, అందులో అర్థముంది. కాంటాక్టులు మాత్రం "కుటుంబ సభ్యులను ఆహ్వానించడానికి" అట. అమ్మాయిగారి నంబరు, మనుమల నంబర్లు కంపెనీకి వెళతాయేమోనన్న మీ బెంగకు మూలం ఇదే, ఆ బెంగ న్యాయమైనదే. ఆ రోజు మీ ఎదుటే నేను కాంటాక్టులకూ, లొకేషనుకూ Don't allow అని నొక్కి, ఉదయం మీరు పుస్తకంలో రాసుకున్న 142ను ఎక్కించి చూశాను. రీడింగు చక్కగా నమోదైంది. అంటే ఆ రెండు అనుమతులూ లేకుండానే మీ పని జరుగుతుంది.

4.3 "మీ రీడింగులను మీరు ఎంచుకున్న వైద్యునితో పంచుకుంటాము. సర్వర్లను నిర్వహించే సంస్థలు, ఎస్సెమ్మెస్‌లు పంపే సంస్థలు మొదలైన వారికి, వారి పనికి అవసరమైన మేరకు, మీ సమాచారాన్ని అందజేస్తాము. మీరు విడిగా సమ్మతి తెలిపిన పక్షంలో, ఆరోగ్య ఉత్పత్తులను, బీమా పథకాలను మీకు పరిచయం చేసే నిమిత్తం మా భాగస్వాములతో మీ సమాచారాన్ని పంచుకునే అవకాశం ఉంది."

మొత్తం మీద అసలైన పేరా ఇదే. చివరి వాక్యాన్ని నేను మూడుసార్లు తిరగరాశాను. మొదట "పంచుకోవచ్చు" అని పెట్టాను. కానీ తెలుగులో ఆ మాట చదివితే ఎవరో వారికి అప్పటికే అనుమతి ఇచ్చేసినట్లు ధ్వనిస్తుంది. ఇంగ్లీషు మూలంలో ఉన్నది అలా జరిగే అవకాశం మాత్రమే, అదీ మీరు ఒప్పుకున్న తరువాతే. "భాగస్వాములు" అనే మాట కూడా సొంత మనుషుల్లా వినిపిస్తుంది గాని, ఇక్కడ దాని అర్థం వ్యాపార ఒప్పందం ఉన్న ఇతర కంపెనీలు. వాటి పేర్లు ఈ భాగంలో ఎక్కడా లేవు. పేరు చెప్పనివారికి మీ షుగరు అంకెలు ఎందుకివ్వాలన్నది నా అభిప్రాయం. సమ్మతి తెరపై మూడు గడులున్నాయి, ఈ భాగస్వాములకు సంబంధించినది మూడోది. దాన్ని ఖాళీగా వదిలినా యాప్ తెరుచుకుంటుంది, డాక్టరుగారికి రీడింగులూ వెళతాయి.

4.4 "పేరు, ఫోను నంబరు తొలగించిన సమాచారాన్ని పరిశోధన కోసం ఉపయోగిస్తాము."

పుట్టిన తేదీ, పిన్‌కోడు కూడా తొలగిస్తామని ఇందులో లేదు. మీది చిన్న ఊరు. ఎనభై దాటి, ఇన్సులిన్ తీసుకునేవారు ఆ పిన్‌కోడులో ఎందరుంటారు? పేరు తీసేసినంత మాత్రాన మనిషిని ఎవరూ గుర్తుపట్టలేరని నేను మీకు మాట ఇవ్వలేను. ఈ సంగతిని ఫిర్యాదుల అధికారికి రాసి అడగవచ్చు, ఈమెయిలు నేను తయారు చేస్తాను.

4.5 "మీరు ఎప్పుడైనా సమ్మతిని ఉపసంహరించుకోవచ్చు. ఖాతాను తొలగించమని కోరిన 90 రోజులలోగా, చట్టం ప్రకారం ఉంచవలసినవి తప్ప, మీ వివరాలను తుడిచివేస్తాము."

ఫోనులోంచి యాప్‌ను తీసివేయడం, ఖాతాను తొలగించమని కోరడం రెండూ ఒకటి కావు. మొదటిదానితో తెర మీద బొమ్మ పోతుంది, వారి సర్వర్లలో మీ అంకెలు అలాగే ఉంటాయి. పోయిన నెల మీరు కోపం వచ్చి యాప్‌ను తీసివేశారు కదా, మళ్లీ పెట్టగానే పాత రీడింగులన్నీ కనిపించింది అందుకే.

4.6 "సహేతుకమైన భద్రతా చర్యలు తీసుకుంటాము. అయితే సంపూర్ణ భద్రతకు హామీ ఇవ్వలేము."

బ్యాంకు ఖాతా గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఈ నాలుగో భాగంలో బ్యాంకు ఊసు లేదు, మీరు వాడేది డబ్బు కట్టనక్కరలేని రకం. కాబట్టి ఈ యాప్ పేరు చెప్పి ఎవరైనా ఫోను చేసి ఓటీపీ గాని, యూపీఐ పిన్ గాని అడిగితే, వారు మోసగాళ్లే. వెంటనే ఫోను పెట్టేయండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ఇలా తెలుగులో అడగడం చాదస్తమేమోనని మీరు అన్నారు, కానే కాదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ 22లో మన తెలుగు ఉంది. ఇచ్చినంత తేలికగా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. అంతకుముందే, 2017 ఆగస్టు 24న, గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామిగారు కోర్టుకు వెళ్లినప్పుడు ఆయన వయసు ఎనభై దాటింది.

ప్రస్తుతానికి మీ ఫోనులో కెమెరా అనుమతి ఒక్కటే ఇచ్చి ఉంది, మూడో గడి ఖాళీగా ఉంది. అసలు సమ్మతి బొత్తాన్ని మాత్రం నేను నొక్కలేదు, అది మీరు నొక్కవలసినది. వద్దనిపిస్తే రీడింగుల పుస్తకం పేజీని శనివారం సాయంత్రం నేనే డాక్టరుగారికి చూపించి వస్తాను, ఆయన అలా కూడా చూస్తారని కనుక్కున్నాను.

ఇట్లు,
మీ శిష్యుడు